బొమ్మతో కదిలే వెలుగు, కదలని వెలుగు

అన్నా, మాది సింగరాయకొండ. ఐదు నెలల కిందట 65 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ తీసుకున్నాం. లోకల్ డిమ్మింగ్ ఉందని చెప్పి ఇచ్చారు. రాత్రి లైట్లు ఆపి సినిమా చూస్తే సబ్‌టైటిల్స్ చుట్టూ పొగలాగా తెల్లటి వెలుగు వస్తోంది. కింద ఎడమ మూల ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. క్రికెట్ పెడితే కుడి పక్క ఒకచోట మసకగా, నల్లగా ఉన్నట్టుంది. ఫోన్‌లో ఫొటో తీస్తే ఇంకా ఘోరంగా పడుతోంది. షాపువాళ్లని అడిగితే "అన్ని టీవీలూ ఇంతే" అంటున్నారు. ప్యానెల్ పోయినట్టేనా?

తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడూ ఒకటి కాదు. షాపాయన మాట మొదటిదానికి నిజం, రెండోదానికి సగం నిజం. మూడోదానికి మాత్రం పరీక్ష చేసి చూడకుండా ఒప్పుకోవద్దు. నేను నెల్లూరులో టీవీలు బాగుచేయబట్టి ఇరవై ఏళ్లు దాటింది. డబ్బా టీవీల కాలంలో ఈ గొడవే లేదు, వీటిలోనే వచ్చింది. ఎందుకొచ్చిందో తెలిస్తే ఏది గుణమో ఏది రోగమో నీకే తెలిసిపోతుంది.

ఎల్‌ఈడీ టీవీ అంటాం గానీ బొమ్మ వేసేది ఎల్‌ఈడీలు కాదు. ముందున్న ఎల్‌సీడీ ప్యానెల్ కిటికీ రెక్కల్లాంటిది, దానికి సొంత వెలుగు లేదు. వెనకాల ఎల్‌ఈడీల వరసలు వెలుగుతుంటాయి. ఆ వెలుగును ఎక్కడ ఎంత వదలాలో ప్యానెల్ చూసుకుంటుంది. నలుపు కావాలంటే రెక్క మూస్తుంది. అయితే ఆ రెక్క పూర్తిగా మూసుకోదు. చీకటి గదిలో తలుపు వేసినా కింద సందులోంచి వసారా లైటు కనపడినట్టు, కొంచెం కారుతూనే ఉంటుంది. ఎంత కారుతుందనేది ప్యానెల్ జాతిని బట్టి. ఐపీఎస్ రకంలో తెలుపుకి నలుపుకి తేడా సుమారు వెయ్యి రెట్లు. వీఏ రకంలో మూడు నుంచి ఐదు వేల రెట్లు. అందుకే వెనక లైటు ఒకటే అయినా, ఐపీఎస్ టీవీలో నలుపు బూడిదరంగులోకి దిగినట్టు ఉంటుంది.

దీనికి మందుగా తెచ్చిందే లోకల్ డిమ్మింగ్. వెనక లైటు మొత్తానికీ ఒకటే స్విచ్చు కాకుండా, దాన్ని గళ్లుగా విడగొట్టి గడికొక స్విచ్చు పెట్టారు. బొమ్మలో చీకటిగా ఉన్నచోట ఆ గడి లైటు తగ్గిస్తారు, లేకుంటే ఆపేస్తారు. లైటే లేకపోతే కారడానికి ఏముంటుంది? అక్కడ నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుంది. ఈ గళ్లనే జోన్లు అంటారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, జోన్ సైజులో. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి, మొత్తం దాదాపు 83 లక్షలు. జోన్లు మాత్రం మామూలు టీవీల్లో పదుల్లో, మంచివాటిలో వందల్లో ఉంటాయి. నీ టీవీలో 96 ఉన్నాయనుకో, అడ్డంగా 12, నిలువుగా 8. అప్పుడు ఒక్కో జోన్ కింద 320 బై 270 చుక్కలు, అంటే 86,400 చుక్కలకు ఒకటే స్విచ్చు. 65 అంగుళాల తెర వెడల్పు 143 సెంటీమీటర్లు, ఎత్తు 80 సెంటీమీటర్లు. లెక్కేస్తే ఒక్కో జోన్ 12 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. సబ్‌టైటిల్ అక్షరం ఎత్తు మూడు నాలుగు సెంటీమీటర్లకు మించదు. ఆ అక్షరం కోసం అరచేయంత జోన్ మొత్తం వెలగాలి. అక్షరం పోగా మిగిలిన నల్ల భాగంలో రెక్కలు మూసే ఉన్నా సందుల్లోంచి వెలుగు కారుతుంది. పైగా ఎల్‌ఈడీల మీద వెలుగును సమంగా పరచడానికి డిఫ్యూజర్ షీట్లు ఉంటాయి గనక, ఆ వెలుగు పక్క జోన్లలోకి కూడా పాకుతుంది. ఆ పక్కన జోన్లు ఆగిపోయి కాటుకలా ఉంటే, మధ్యలో ఈ పలచటి వెలుగు పొగమంచులో రొయ్యల గుంట కాడ లైటులాగా కనిపిస్తుంది. నువ్వు చెప్పే పొగ అదే.

ఇందులో ఒక తమాషా ఉంది. లోకల్ డిమ్మింగ్ లేని టీవీలో ఈ పొగ కనపడదు. ఎందుకంటే తెర మొత్తం అదే బూడిద రంగులో ఉంటుంది, పొగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. నీ టీవీ మిగతా చోట్ల నలుపు బాగా చూపిస్తోంది కాబట్టే అక్షరాల చుట్టూ తేడా కొట్టొచ్చినట్టు ఉంది. కాబట్టి ఆ పొగ వలయం చూసి ప్యానెల్ పోయిందని బెంగ పడొద్దు. మినీ ఎల్‌ఈడీ అని వచ్చేవాటిలో జోన్లు వందలు, కొన్నిటిలో వేలు ఉంటాయి, వలయం చిన్నదవుతుంది గానీ పూర్తిగా పోదు. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరుతుంది. వెనక లైటే లేదు గనక వలయమూ లేదు.

అయితే వలయం ఎంత పెద్దగా కనపడాలనేది కొంత మన చేతిలోనే ఉంది. మన ఇళ్లల్లో టీవీని గోడకి తలుపు పైకమ్మి ఎత్తున తగిలిస్తారు, మనమేమో చాప మీద కూర్చుని తలెత్తి చూస్తాం. వీఏ ప్యానెల్ ఎదురుగా కూర్చున్నవాళ్లకే నలుపు సరిగ్గా చూపిస్తుంది. పక్క నుంచో కింద నుంచో చూస్తే మూసిన రెక్కల సందులు పెద్దవైనట్టే. సోఫాలో మధ్యన కూర్చున్న మనిషికి చిన్న వలయం, అదే గదిలో చాప మీద మూల కూర్చున్న మనిషికి పెద్ద పొగ. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకసారి లేచి, తెర మధ్యకి కళ్లు సమంగా వచ్చేలా నిలబడి చూడు. అప్పుడు వలయం బాగా తగ్గితే, టీవీని కిందికి దించడమో, ముందుకు వంగే బ్రాకెట్ వేయించడమో సగం మందు.

ఫోన్ ఫొటో సంగతి కూడా చెప్పాలి. చీకటి గదిలో ఫోన్ కెమెరా ఎలాగైనా బొమ్మ తెల్లగా రావాలని వెలుగును పిండుకుంటుంది. కంటికి కనపడని మచ్చ కూడా అందులో సున్నం కొట్టినట్టు వస్తుంది. ఫొటో తీసేటప్పుడు తెర మీద వేలు పెట్టి వెలుగు గుర్తును కిందికి లాగి, కంటికి కనపడినంతే ఫోన్‌లోనూ కనపడేట్టు చేసి తీయి. లేకుంటే సర్వీసు మనిషి ఆ ఫొటో చూసి "చీకట్లో కెమెరా ఇంతే" అని తేలిగ్గా తోసేస్తాడు. ఆ మాటలో తప్పు కూడా ఉండదు.

ఇక పరీక్ష. చాలామంది యూట్యూబ్‌లో ఉత్త నల్ల తెర వీడియో పెట్టి చూసుకుంటారు. లోకల్ డిమ్మింగ్ ఉన్న టీవీలో అది పనికిరాదు. మొత్తం నలుపైతే కొన్ని టీవీలు అన్ని జోన్లూ ఆపేస్తాయి, తెర ఆపేసిన టీవీలాగా నిగనిగలాడుతుంది. "బ్రహ్మాండం, మచ్చే లేదు" అనుకుంటాం. దొంగ ఉన్న గదిలో లైటు ఆపేసి ఎవరూ లేరన్నట్టు. నలుపు మధ్య ఒక చిన్న తెల్ల చదరం ఉండాలి. ఫోన్‌లో బొమ్మలు గీసే ఏ యాప్‌లోనైనా 3840 × 2160 సైజులో నల్ల బొమ్మ చేసి, మధ్యలో 100 చుక్కల తెల్ల చదరం పెట్టు. అలాంటివి ఏడెనిమిది చేయి, ఒక్కోదాంట్లో చదరాన్ని ఒక్కోచోటికి జరుపు. వాటితో పాటు మొత్తం బూడిద రంగు బొమ్మ ఒకటి, మొత్తం తెలుపుది ఒకటి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి పెట్టు. టీవీ అరగంట నడిచాకే చూడు. ప్యానెల్ వేడెక్కక ముందు మచ్చలు ఒకరకంగా, వేడెక్కాక ఇంకోరకంగా ఉంటాయి.

చదరాన్ని జరుపుతుంటే దానితో పాటు జరిగే వెలుగు డిమ్మింగ్ వలయం. చదరం ఎక్కడున్నా తన చోటే ఉండేది వేరే రకం, బ్యాక్‌లైట్ బ్లీడ్ అని, క్లౌడింగ్ అని రెండు పేర్లు. రెండోసారి పిక్చర్ సెట్టింగుల్లో `Local Dimming` ని `Off` చేసి ఇదే చూడు. కొన్ని టీవీల్లో దాని పేరు `LED Local Dimming`, `Auto local dimming` అని ఉంటుంది. కొన్నిటిలో `Off` ఇవ్వరు, `Low` వరకే దిగుతుంది. ఆపగానే వలయం మాయమై తెర మొత్తం ఒకే బూడిద రంగులోకి వస్తే, అది జోన్ల పని. డిమ్మింగ్ ఆపాక కింద ఎడమ మూల తెలుపు ఇంకా బాగా బయటపడితే అది బ్లీడ్. డిమ్మింగ్ అంతకుముందు దాన్ని కొంత దాచిపెట్టిందన్నమాట.

పోయిన ఏడు కావలిలో ఒకరింటికి వెళ్లాను, అచ్చం నీ టీవీ సైజే. వాళ్లకీ సబ్‌టైటిల్ పొగ, కింద ఎడమ మూల తెలుపు. నా పెన్‌డ్రైవ్‌లో చదరం మెల్లగా నడిచే చిన్న వీడియో ఉంది. అది పెట్టాను. చదరం మెత్తగా జరుగుతుంటే దాని చుట్టూ వెలుగు మాత్రం గెంతులేస్తూ జరిగింది, ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కి. ఆ గెంతులు లెక్కపెడితే జోన్లు తెలిసిపోతాయి. అడ్డంగా 12, నిలువుగా 8 వచ్చాయి. పెట్టె మీద ఎక్కడా ఈ అంకె రాయలేదు. ఇంటాయనకి టేపు పెట్టి జోన్ సైజు చూపించాక సబ్‌టైటిల్ గురించి ఇక అడగలేదు.

మూల తెలుపు మాత్రం చదరం ఎక్కడున్నా కదల్లేదు. గోడకి చెవి ఆనించి పక్క నుంచి చూశాను. ఆ గోడ ప్లాస్టరింగు అలలు అలలుగా ఉంది. తగిలించిన మనిషి నాలుగు బోల్టులూ గట్టిగా బిగించేశాడు గానీ, కింద ఎడమ బోల్టుకి పెట్టాల్సిన ప్లాస్టిక్ ముక్క పెట్టలేదు. దాంతో టీవీ వెనక రేకు ఆ మూల గోడవైపు గుంజుకుపోయి, మొత్తం చట్రం సన్నగా మెలి తిరిగింది. తెల్ల మచ్చకి అదే కారణం. ఎట్లాగంటావా? ప్యానెల్ ముందూ వెనకా రెండు పోలరైజర్ పొరలు ఉంటాయి, ఒకటి నిలువు జల్లెడ, ఇంకోటి అడ్డ జల్లెడ అనుకో. మొదటిది దాటిన వెలుగు రెండోదాన్ని దాటలేదు, అదే నలుపు. మధ్యలో గాజు ఉంది. గాజును వంచినా నొక్కినా అందులోంచి వెళ్లే వెలుగు ఊగే దిక్కు కొద్దిగా తిరుగుతుంది, రెండో జల్లెడ లోంచి కొంత జారి బయటపడుతుంది. కంటికి కనపడనంత వంపు చాలు.

బోల్టులు నాలుగూ వదులు చేసి, లేని ముక్క పెట్టి, ఎదురెదురు మూలల వరసలో మళ్లీ బిగించాం. అప్పటికప్పుడు పెద్దగా మారలేదు. మూడో రోజు ఆయన ఫోన్ చేశాడు, అరచేయంత ఉన్న మచ్చ నిమ్మకాయంత అయిందని. అంతకంటే తగ్గలేదు. చట్రం లోపల ప్యానెల్‌ను పట్టుకునే కొక్కేల నొక్కుడు వల్ల వచ్చింది అంతో ఇంతో ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది.

అందుకే రెండోదానికి షాపాయన మాట సగం నిజమన్నాను. అంచుల్లో కాస్త తెలుపు ప్రతి టీవీలోనూ ఉంటుంది. మామూలు వెలుగున్న గదిలో, మామూలు సినిమాలో కనపడకపోతే కంపెనీలు దాన్ని లోపంగా తీసుకోవు. పగలు కూడా కనపడితే, లేదా సినిమాలో పైనా కిందా ఉండే నల్ల పట్టీల మీద మచ్చ పరుచుకుని కనపడితే, గట్టిగా అడగొచ్చు. ముందు నీ బ్రాకెట్ చూసుకో. టీవీ ఇంటికి ఎట్లా వచ్చిందో కూడా గుర్తు చేసుకో. పెద్ద టీవీని ఆటోలో పడుకోబెట్టి తెస్తే గతుకులన్నిటికీ మధ్యలో గాజు ఊగుతుంది, అంచుల్లో కొక్కేలు నొక్కుతాయి. పెట్టె మీద నిలబెట్టి తీసుకెళ్లమని బాణం గుర్తులు వేసేది ఊరికే కాదు. వారంటీ ఉన్నంతకాలం వెనక స్క్రూల జోలికి మాత్రం పోవద్దు. స్క్రూ తిప్పిన ఆనవాలు కనపడితే వాళ్లకి సాకు దొరుకుతుంది. తెర మీద వేళ్లతో రుద్దితే మచ్చ పోతుందని వీడియోలు చూసి చేసేవాళ్లున్నారు. ఆ నొక్కుడుకి ఒక చుక్క చచ్చిపోయిందంటే అది ఇక బతకదు.

ఇప్పుడు మూడోది, నన్ను ఆలోచనలో పడేసింది అదే. డిమ్మింగ్ వల్ల కూడా నల్ల మచ్చలు వస్తాయి గానీ చీకటి సీన్లలో. రాత్రి ఆకాశంలో నక్షత్రాలు ఉన్నాయనుకో, జోన్ మొత్తం మీద వెలుగు తక్కువగా ఉందని టీవీ లెక్కేసి లైటు దించేస్తుంది, చిన్న నక్షత్రాలు కనపడకుండా పోతాయి. నల్ల చొక్కా మడతలు, జుట్టు కలిసిపోయి ముద్దలా కనిపిస్తాయి. డిమ్మింగ్‌ను `High` నుంచి `Low` కి దించితే అవి తిరిగొస్తాయి, దానికి బదులు వలయం పెరుగుతుంది. రెండిట్లో ఏది భరించగలవో నువ్వే చూసుకోవాలి. నేనైతే మధ్యలో పెట్టుకుంటాను.

కానీ నువ్వు చెప్పింది క్రికెట్‌లో. పచ్చటి మైదానం మీద అన్ని జోన్లూ వెలుగుతూనే ఉంటాయి, డిమ్మింగ్‌కి అక్కడ పనే లేదు. కాబట్టి కుడి పక్క మసకకి కారణం వేరే. బూడిద రంగు బొమ్మ, తెల్ల బొమ్మ పెట్టి చూడు. మచ్చకి హద్దు తెలియకుండా, చేత్తో తుడిచినట్టు అలుక్కుపోయినట్టు ఉంటే అది ప్యానెల్‌లో వెలుగు సమంగా లేకపోవడం. కెమెరా మైదానం మీద అటూ ఇటూ తిరిగేటప్పుడు అది బాగా తెలుస్తుంది, డర్టీ స్క్రీన్ అంటారు. కొత్త టీవీల్లో కూడా ఉంటుంది, దానికి రిపేరు లేదు.

అలాకాకుండా మచ్చ ఒకచోట గుత్తంగా, ఇంచుమించు ఒక జోన్ సైజులో ఉంటే అనుమానించాలి. ఇప్పుడు నల్ల బొమ్మలో తెల్ల చదరాన్ని సరిగ్గా ఆ చోటికి జరుపు. మిగతా చోట్ల మెరిసిన చదరం అక్కడికి రాగానే మందగించి, చుట్టూ వలయం కూడా రాకపోతే, ఆ జోన్‌లో ఎల్‌ఈడీలు వెలగడం లేదు. డిమ్మింగ్ `Off` చేసినా ఆ మసక పోదు. చుట్టుపక్కల జోన్ల వెలుగు పాకి వస్తుంది గనక అక్కడ పూర్తి నలుపు ఉండదు, అందుకే చాలామంది నెలల తరబడి గమనించరు. ఇది గుణం కాదు, ఎల్‌ఈడీనో దాన్ని నడిపే సర్క్యూటో పోయిన లోపం. వారంటీలో చేసి ఇవ్వాల్సిందే.

దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకోటి ఉంది, ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. ఒంగోలులో ఒక టిఫిన్ సెంటర్లో 43 అంగుళాల టీవీ, పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా నడుస్తుంది, బ్యాక్‌లైట్ నూటికి నూరు, కింద దోసె పెనం సెగ. తెర మీద గుండ్రంగా రూపాయి బిళ్లల్లా తెల్ల మచ్చలు వచ్చాయి. ప్రతి ఎల్‌ఈడీ మీద వెలుగును పక్కలకి పరచడానికి చిన్న ప్లాస్టిక్ లెన్స్ అంటించి ఉంటుంది. వేడికి జిగురు ఎండి లెన్స్ రాలితే వెలుగు తిన్నగా ముందుకు పొడుచుకొస్తుంది, అదే ఆ గుండ్రటి మచ్చ. ఎల్‌ఈడీ స్ట్రిప్పులు మార్చాం, పోయింది. ఆ పనికి ప్యానెల్ గాజును విడదీసి పక్కన పెట్టాలి. అది పగిలితే కొత్త ప్యానెల్ ఖర్చు దాదాపు టీవీ ఖర్చే. అందుకే 65 అంగుళాల దాన్ని ఇంటి మంచం మీద విప్పుతానన్న మెకానిక్‌ని పంపించెయ్యి.

వలయం కళ్లకి తగలకుండా రోజూ నేను చేసేది రెండే. ఒకటి, టీవీ వెనకాల గోడ మీద వెలుగు పడేట్టు తెల్ల జీరో బల్బు ఒకటి. గదిలో ఆ కాస్త వెలుగుంటే కంటి పాప కొంచెం ముడుచుకుంటుంది, పలచటి పొగ కనపడదు. బల్బు కాంతి నేరుగా కంట్లో పడకూడదు. రెండు, సబ్‌టైటిల్ రంగును తెలుపు నుంచి బూడిద రంగుకి మార్చడం. ఓటీటీ యాప్‌ల సబ్‌టైటిల్ సెట్టింగుల్లో చాలావాటికి ఆ వీలుంది. అక్షరం వెలుగు సగమైతే జోన్ లైటూ తగ్గుతుంది, చుట్టూ కారేదీ తగ్గుతుంది. వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ సినిమాల్లో టీవీ బ్యాక్‌లైట్‌ను పైకి ఎత్తేస్తుంది గనక వలయాలు ఎక్కువ, ఈ రెండూ అక్కడే బాగా పనికొస్తాయి.

ముందు కుడి పక్క మచ్చ సంగతి తేల్చు. తెల్ల బొమ్మ మీద ఒక ఫొటో, నలుపు మీద చదరం సరిగ్గా ఆ చోట ఉన్నప్పుడు ఒకటి, చదరం పక్కకి జరిగాక ఒకటి, మూడూ ఒకే వెలుగు సెట్టింగులో తీసి పంపు. చదరం అక్కడ మందగిస్తే షాపుకి పోకుండా నేరుగా కంపెనీ సర్వీసుకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకో. మనిషి వచ్చినప్పుడు ఆ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టు.